అక్క దగ్గర ఉండిపోయిన నా లెక్క

2016 అక్టోబరు 1, శనివారం, మధ్యాహ్నం మూడు గంటల ఇరవై నిమిషాలకు ఇది మొదలయింది. చోటు హోసూరు బస్టాండు వెనక వీధిలో ఒక డీటీపీ అంగడి. ఆ అంగడాయనే మా ప్రాంతపు తెలుగు రచయితల వార్షిక సంచికకు సంపాదకుడు. ప్రూఫులు దిద్దడానికి నేనూ అక్కా వెళ్లాం.

అక్క అంటే తోడబుట్టినది కాదు. కుందారపల్లి బడిలో తెలుగు టీచరుగా పనిచేసి 2007లో రిటైరయింది. పెళ్లి చేసుకోలేదు, కృష్ణగిరిలో చెల్లెలి కూతురి ఇంట్లో ఉండేది. నాకంటే నాలుగేళ్లు పెద్ద. నేను హోసూరులో తెలుగు చెప్పి 2011లో రిటైరయ్యాను. ఇద్దరం కథలు రాసేవాళ్లం. తమిళం నుంచి, కన్నడం నుంచి అనువాదాలు చేసేవాళ్లం.

సంచిక చివరి పేజీల్లో రచయితల పరిచయాలు వేస్తారు, మనిషికి ఎనభై మాటలు. అక్క పరిచయం దగ్గర నా ఎర్ర పెన్ను ఆగింది. 'ప్రస్తుతం కుందారపల్లి పాఠశాలలో ఉపాధ్యాయురాలిగా పనిచేస్తున్నారు' అని ఉంది. అప్పటికి ఆమె రిటైరయి తొమ్మిదేళ్లు.

"ఏమప్పా, నన్ను మళ్లీ ఉద్యోగంలో పెట్టినావే. జీతం నువ్విస్తావా?" అన్నది అక్క.

"నేనేం చేసేది టీచరమ్మా? కొత్తది పంపండి అని మూడుసార్లు ఫోను చేసినాను. మీరు పంపలే. పాతదే ఏసేసినాను. మీది నయం. డెంకణికోట కవిగారిది చూడండి. ఆయన పోయి ఏడాదయింది, ఈడ ఇంకా రెండో పుస్తకం రాస్తానే ఉన్నాడు."

అక్క నవ్వింది. నాకు నవ్వు రాలేదు. నా పరిచయంలో కూడా నేను ఇంకా బడికి పోతూనే ఉన్నాను. అక్కడే కూర్చుని కొత్తది రాసిచ్చేద్దామని కాగితం తీసుకున్నాం. అక్క రేడియోలో మాట్లాడింది నిజమే, ఏ ఏడాదో తెలియదు. పిల్లల కథల పోటీకి న్యాయనిర్ణేతగా వెళ్లింది, అది బాగలూరులోనో సూళగిరిలోనో గుర్తు లేదు. ఇక నా సంగతి. గ్యాసు బండ ఏ రోజున మార్చామో, ఏ రోజున ఎంత వాన పడిందో రాసిపెట్టుకునే మనిషిని నేను. నేను చేసిన పనుల తేదీ ఒక్కటీ నా దగ్గర లేదు. నేను ఇది చేశాను, అది సాధించాను అని మన చేత్తో మనమే రాసుకోవడం సిగ్గులేనితనం అని పెంచారు మమ్మల్ని. ఇద్దరినీ అట్లాగే పెంచారు.

కాసేపు చూసి అంగడాయన విసుక్కున్నాడు. "మీది రాసుకునేదానికి మీకు సిగ్గు, ఆమెది రాసుకునేదానికి ఆమెకు సిగ్గు. అయితే ఆమెది మీరు రాయండి, మీది ఆమె రాస్తుంది. నాకు మాత్రం ఏటా సెప్టెంబరుకంతా రావాల."

ఆ మాట మాకు నచ్చింది. ఆ నెల నుంచే మొదలుపెట్టాం. ప్రతి నెలా రెండో శనివారం కలుసుకోవాలి, ఒక నెల హోసూరులో మా ఇంట్లో, ఒక నెల కృష్ణగిరిలో అక్క దగ్గర. ఆ నెలలో ఏం చేశామో ఒకరు చెప్పాలి, ఇంకొకరు రాసుకోవాలి. ఎవరి లెక్క వాళ్లు చూడకూడదు అన్న షరతు అక్కది.

"ఎందుకు చూడకూడదు?" అన్నాను.

"చూస్తే దిద్దుతావు. నీ సంగతి నాకు తెలీదా మే?"

అక్క లెక్కకు నేను ఒక పెద్ద రిజిస్టరు కొన్నాను. వరస సంఖ్య, తేదీ, ఏం చేసింది, ఎక్కడ, ఎవరు పిలిచారు, రుజువు. ఆరు గళ్లు. రుజువు అంటే ఆహ్వానపత్రమో, పత్రికలో వచ్చిన ముక్కో, ఫోటోనో. దాని మీద అదే సంఖ్య వేసి కవరులో పెట్టేదాన్ని. రుజువు ఇంకా రాకపోతే ఆ గడిలో పెన్సిలుతో చుక్క పెట్టి, వచ్చాక చెరిపేదాన్ని. ఆ నెలలో ఏమీ లేకపోతే 'లేదు' అని రాసేదాన్ని. ఖాళీగా వదిలితే రాయడం మరిచిపోయామో, పని జరగలేదో తర్వాత తెలియదు. నెలనెలా రాసుకుంటే ఒక్కో పని ఒక్కో వరసలో సరిపోతుంది. ఏడాది చివర కూర్చుంటే పెద్దవే గుర్తుంటాయి, అవి కూడా తప్పు తేదీలతో.

సెప్టెంబరు మొదటి వారంలో ఆ ఏడాది వరసలన్నీ చదివేదాన్ని. అందులో చెప్పుకోదగ్గవి రెండో మూడో ఏరి పాత పరిచయంలో చేర్చి, అంతే మాటల మేరకు పాతవి తీసేసేదాన్ని. తీసేసేది పరిచయంలో నుంచే, రిజిస్టరులో నుంచి ఎప్పుడూ కాదు. 'ప్రస్తుతం' అన్న మాట వాడలేదు. 'పదేళ్లుగా' అని రాస్తే మరుసటి ఏడాదికి అది అబద్ధమవుతుంది, అందుకని 'ఫలానా సంవత్సరం నుంచి' అని రాసేదాన్ని. ముప్పై మాటలది ఒకటి, ఎనభై మాటలది ఒకటి తయారుచేసి, కింద తేదీ వేసేదాన్ని. మొత్తం గంట పని. ఒకసారి డెంకణికోటలో ఒక సభకు వెళితే, గుమ్మం దగ్గరే నిర్వాహకుడు కంగారుగా "అమ్మగారి గురించి రెండు మాటలు చెప్పండి, మైకులో చెప్పాల" అన్నాడు. ముప్పై మాటల కాగితం సంచిలో నుంచి తీసి ఇచ్చాను. అక్క నా చెవిలో "అంగట్లో సరుకు మాదిరి తీసిస్తివే" అన్నది.

నా లెక్కను అక్క ఎట్లా రాసేదో నేను చూడలేదు. చదరం గళ్ల నోటుపుస్తకంలో రాసేది. నేను చెప్పడం ఆపేసిన తర్వాత కూడా ఆమె పెన్ను కదులుతూనే ఉండేది. "నేను చెప్పింది అయిపోయింది కదా, ఇంకా ఏం రాస్తున్నావు?" అంటే, "నువ్వు చెప్పనిది" అనేది. రుజువులు దాచుతున్నావా అని అడిగాను.

"రుజువు ఎందుకు? నేను చూసినాను కదా."

2017 సెప్టెంబరులో మొదటిసారి పరిచయాలు మార్చుకున్నాం. నేను రాసిన ఆమె ఎనభై మాటలు చదివి ఏమీ దిద్దకుండా మడిచి పెట్టుకుంది. "నా పెండ్లి చూపులకు పంపించొచ్చు దీన్ని. ఒక్క వంక లేదు" అన్నది. ఆమె రాసిన నాది నూట ముప్పై మాటలు ఉంది. అందులో నా అనువాదం పేరు ఉంది, కథ అచ్చయిన నెల ఉంది. ఇంకొక వాక్యం ఉంది. హోసూరులో ఆదివారాలు తెలుగు చదవడం నేర్పే తరగతి ఒకటి మా ఇంట్లో నడిపేదాన్ని. బాగలూరు పక్క నుంచి ఒక పిల్ల వచ్చేది. వాళ్లు తెల్లవారుజామున పూలు కోసి బండికి ఎత్తి పంపే కుటుంబం. ఆ పిల్ల ప్రతి వారం సగం తరగతి అయ్యాక వచ్చేది. నేను పొద్దున తరగతిని మధ్యాహ్నానికి మార్చాను. అక్క దాన్ని పరిచయంలో పెట్టింది.

"ఇది సాధన కాదక్కా. టైంటేబుల్."

"నీకు టైంటేబుల్. ఆ బిడ్డకు?"

"తీసెయ్."

"తీసేస్తాలే. నా పుస్తకంలో మాత్రం ఉంటుంది. దాన్ని నువ్వు తాకలేవు."

ప్రతి సెప్టెంబరులోనూ ఇదే వాదన జరిగేది. ఒక ఏడాది ఎవరిదో మొదటి కథను నేను పద్దెనిమిది చోట్ల దిద్ది, వాళ్లు బాధపడకుండా తిరిగి పంపానట. ఒక ఏడాది సంచికలో ఒకరి పుట్టిన ఊరు తప్పు పడితే దాన్ని సరిచేయించడానికి మూడు బస్సులు మారి వెళ్లానట. ఇవన్నీ ఆమె రాసుకునేది, పరిచయంలో పెట్టేది, నేను కొట్టేసేదాన్ని. చివరికి ఎనభై మాటలు మిగిలేవి. కొట్టేసిన కాగితాలు నేను దాచలేదు. అసలు ఆమె దగ్గర ఉంది కదా అనుకున్నాను.

కరోనా నెలల్లో కలుసుకోవడం కుదరలేదు, ఫోనులో చెప్పుకున్నాం. అప్పటికే అక్క చేతికి వణుకు వచ్చింది. మాట్లాడితే తెలుగులో అదే రాసుకునే పద్ధతి ఫోనులో ఉందని ఆమె చెల్లెలి కూతురు నేర్పింది. 2021లో అక్క ఫోనులోకి మారిపోయింది. నోటుపుస్తకాల్లో ఉన్నదంతా రోజుకు కొంచెం పైకి చదివి ఎక్కించానని చెప్పింది. పుస్తకాలు ఏం చేశావని అడిగాను.

"నీళ్ల పొయ్యికి ఏసినాను. ఎక్కించినాను కదా."

"కాపీ ఉందా?"

"ఫోను చేతిలో ఉండంగా కాపీ యాడికి?"

"నా వాట్సాపుకు పంపెయ్. నేను తెరవను."

"తెరవని మొహం చూడు. చదివి ఎర్ర పెన్ను తీస్తావు. పొయ్యేటప్పుడు ఇచ్చి పోతాలే, పో."

నేను ఆమె రిజిస్టరుకు ఏటా జిరాక్సు తీయించి వేరే బీరువాలో పెట్టేదాన్ని. నాదానికి అట్లా పెట్టమని గట్టిగా అడగలేదు. మన గురించిన కాగితం గురించి మనమే పట్టుబట్టడం కూడా ఆ సిగ్గులో భాగమే.

2024 ఫిబ్రవరి 9, శుక్రవారం పొద్దున అక్క పోయింది. గుండె ఆగింది అన్నారు. మరుసటి రోజు రెండో శనివారం, నేను కృష్ణగిరి పోవలసిన వంతు. రిజిస్టరు సంచిలో సర్దుకుని ఉన్నాను. ఆ సంచితోనే ఒక రోజు ముందు వెళ్లాను. తిరిగి వచ్చాక ఫిబ్రవరి వరసలో ఏం రాయాలో తోచలేదు. చివరికి తేదీ రాసి, మిగతా గళ్లలో అడ్డగీత గీశాను.

జూలైలో అంగడాయన ఫోను చేశాడు. ఈసారిది ప్రత్యేక సంచిక, ఒక్కొక్కరికి పూర్తి పేజీ ఇస్తున్నామన్నాడు. మూడు వందల మాటలు, 2016 నుంచి చేసినవన్నీ, సంవత్సరాలతో. ఆగస్టు 31 ఆఖరు.

"మీ ఇద్దరివీ ఎదురెదురు పేజీల్లో ఏస్తానమ్మా. పోయిన సంచిక పని మీద వచ్చినప్పుడు అక్క అడిగింది. 'పేజీ తిప్పకుండా ఇద్దరం కనపడాల' అన్నది. నేను సరే అన్నాను."

ఆమె నన్ను అడిగింది ఎప్పుడూ ఏమీ లేదు. ఇది నన్ను కాదు, ఆయనను అడిగింది. అయినా చేయవలసింది నేనే.

అక్క పేజీ ఒక్క మధ్యాహ్నంలో అయిపోయింది. రిజిస్టరు తెరిచాను. రెండు వందల పదమూడు వరసలు. అచ్చయినవి ఒక పక్క, మాట్లాడినవి ఒక పక్క, నేర్పినవి ఒక పక్క పెన్సిలు గుర్తులతో విడదీసి, సంవత్సరం వారీగా పేర్చాను. అనుమానం వచ్చిన చోట కవరులో రుజువు ఉంది. రెండు వందల తొంభై ఎనిమిది మాటలు వచ్చాయి. చదివి చూశాను. ఒక్క తప్పు లేదు. ఆమె ఎట్లా మాట్లాడేదో, దేనికి నవ్వేదో అందులో ఒక్క మాటా లేదు. ఆ గడి నేను గీయలేదు.

నా పేజీకి ఆమె ఫోను కావాలి. కృష్ణగిరి వెళ్లి ఆమె చెల్లెలి కూతురిని అడిగాను.

"ఆ ఫోను లేదు పెద్దమ్మా. ఏప్రిల్‌లో ఎక్స్చేంజికి ఇచ్చేసి కొత్తది తీసుకుంటిమి. ఫోటోలంతా నా ఫోనుకు తీసుకున్నాను. దాంట్లో ఇంకేముండింది?"

"రాసుకున్నవి ఉండినాయి."

"అవా. మాట్లాడి మాట్లాడి ఏదో రాసుకుంటా ఉండేది. కతలేమో అనుకున్నాను. కతలు మీ సంచికలో వచ్చేసినాయి కదా అని..." అంటూ ఆగింది. "అడిగి ఉండాల్సింది."

ఆమె తప్పేమీ లేదు. ఆ రాతలు నా గురించినవని ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. చూడకూడదన్న షరతును అక్క అంత గట్టిగా పాటించింది. ఇద్దరం కలిసి ఫోను ఇచ్చిన అంగడికి వెళ్లాం. రాసుకున్నవి అకౌంటులో దాచి ఉంటే పాత నంబరుతో కొత్త ఫోనులోకి తెచ్చుకోవచ్చు, ఫోనులోనే దాచి ఉంటే చెరిపినప్పుడే పోయి ఉంటాయి అని ఆ ఫోను అంగడి మనిషి చెప్పాడు. అక్క అకౌంటు తెరిచి చూపించాడు. ఫోను నంబర్లు ఉన్నాయి. రాతలు లేవు.

"మరి ఆ ఫోను యాడ ఉంది?" అని అడిగాను.

"అది అప్పుడే కంపెనీకి పోయిందమ్మా. ఈడ నిలవదు."

హోసూరు బస్సెక్కాను. నా పేజీకి ఇంకా పంతొమ్మిది రోజులు ఉన్నాయి.

ఏడు సంచికల్లో అచ్చయిన నా పరిచయాలు ఏడూ పక్కపక్కన పెట్టుకున్నాను. ఏటా కొత్తవి చేర్చడానికి పాతవి తీసేశాం కాబట్టి, ఒకదానిలో లేనివి ఇంకొకదానిలో దొరుకుతాయి. అట్లా ఏరితే ఇరవై ఒక్క పనులకు తేదీలు దొరికాయి. మిగతావి గుర్తు తెచ్చుకోవడానికి కూర్చున్నాను. తిరుపతిలో మాట్లాడానని గుర్తుంది. ఆ రోజు ఏ చీర కట్టుకున్నానో గుర్తుంది. ఏ ఏడాదో తెలియదు. ఒక అనువాదం ఏదో పత్రికలో వచ్చింది, నా ప్రతి అక్క తీసుకుంది, ఏ సంచికో తెలియదు. తేదీ లేని వరస నేను అక్క రిజిస్టరులో ఎప్పుడూ రాయలేదు. నాకోసం ఆ నియమం ఎట్లా మార్చను?

పూలు కోసే ఇంటి ఆ పిల్ల ఇప్పుడు బాగలూరు దగ్గర ఒక ఫ్యాక్టరీలో పనిచేస్తోంది. ఫోను నంబరు సంపాదించి మాట్లాడాను. పెద్దదయింది, మర్యాదగా మాట్లాడింది. తరగతి ఏ ఏడాదిలో మధ్యాహ్నానికి మారిందో గుర్తుందా అని అడిగాను.

"మారిందా అమ్మా? మొదటి నుంచీ మధ్యాహ్నమే కదా."

"కాదు. ముందు పొద్దున ఉండేది. నీకోసం మార్చినాను."

"నాకోసమా?" అన్నది. "నాకు తెలీదమ్మా. నేను అట్ల అనుకోలే."

చెప్పినందుకు నాకే సిగ్గయింది. నా గొప్ప నేనే చెప్పుకున్నట్టు అయింది, అదీ ఆ పిల్లకే. నేను కాక ఆ పని ఎందుకు జరిగిందో తెలిసిన మనిషి అక్క ఒక్కతే. ఎవరూ చెప్పకుండా ఆమెకు ఎట్లా తెలిసిందో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆగస్టు 30న అంగడాయన మళ్లీ ఫోను చేశాడు. ఉన్నది చెప్పాను.

"సుమారుగా ఏసేద్దామమ్మా. 2018 ప్రాంతంలో అంటే ఎవరు వచ్చి అడుగుతారు?"

"నేను సుమారుగా రాయడం ఎప్పుడైనా చూసినావా అప్పా?"

"చూళ్లేదు. అందుకే అడుగుతా ఉండాను. పేజీ సగం ఖాళీగా కనపడతాది. అక్క పేజీ పక్కన బాగుండదు."

"అక్కది తగ్గించి సరిపెట్టొద్దు."

"ఆ పని నేను చెయ్యను."

"సరే. ఉన్నంతే వెయ్యి."

దొరికిన ఇరవై ఒక్క పనులతో పేజీ రాసి పంపాను. నూట నలభై మాటలు వచ్చాయి. పూల పిల్ల వాక్యం చేర్చి చూశాను. 'ఎప్పుడు' అన్న చోట ఖాళీ పెట్టి చూశాను. తీసేశాను. ఈసారి కొట్టేసినందుకు వాదించే మనిషి లేదు.

సంచిక డిసెంబరులో వచ్చింది. అంగడాయన మాట నిలబెట్టుకున్నాడు, పేజీ తిప్పకుండా ఇద్దరం కనిపిస్తున్నాం. ఎడమ పక్క అక్క, పై నుంచి కింది దాకా. కుడి పక్క నేను, సగం. ఆవిష్కరణ సభలో ఒక టీచరు నా దగ్గరికి వచ్చింది. కొత్తగా ఉద్యోగంలో చేరిన అమ్మాయి. "అక్కగారు ఎంత పని చేసినారో అమ్మా, మీ పేజీ చూస్తే మీరు ఆమె కంటే చాలా చిన్నవారేమో అనుకున్నాను" అన్నది. నాలుగేళ్లే చిన్న అని చెప్పాను. ఆమె ఇబ్బందిపడి టీ తెచ్చి ఇచ్చింది.

ఇంటికి వచ్చి లెక్క వేశాను.

అక్క లెక్క: 2016 అక్టోబరు నుంచి 2024 జనవరి దాకా ఎనభై ఎనిమిది నెలలు. వరసలు రెండు వందల పదమూడు. రుజువులతో సహా ఉంది. పోయినది లేదు.

నా లెక్క: అవే ఎనభై ఎనిమిది నెలలు. దొరికినవి ఇరవై ఒకటి. రుజువులు లేవు. నేను చెప్పినవి ఎన్ని పోయాయో తెలియదు. నేను చెప్పనివి, ఆమె చూసి రాసుకున్నవి ఎన్నో, ఏవో తెలియదు. అవి అన్నీ పోయాయి.